మూడో నెల నిండేలోపు

కాన్పులో బిడ్డ చెయ్యి పడిపోతే మా తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాట ఒక్కటే: "కంగారు పడకండి, అదే వస్తుంది." ఈ మాట అబద్ధం కాదు. అలాంటి బిడ్డల్లో ఎక్కువమందికి చెయ్యి తిరిగి వస్తుంది. అయితే వందకు ఇరవై, ముప్ఫై మందికి ఎంతో కొంత లోపం మిగిలిపోతుందని వైద్యులు అంటారు. ఏ బిడ్డ ఏ గుంపులో చేరుతుందో పుట్టిన రోజున చెప్పడం కష్టం. మొదటి మూడు నెలలు చెయ్యిని గమనిస్తేనే అది తేలుతుంది. ఆ గమనింపు ఎలా ఉండాలో మా ఇంటి బిడ్డ విషయంలో నేను దగ్గరుండి చూశాను. వైద్యం నా విద్య కాదు. నేను మదరసాలో పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. వైద్యులు చెప్పినదీ, నా కళ్లతో చూసినదీ మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

నా చెల్లెలి కాపురం రేపల్లెలో. ఆమె కూతుర్ని బాపట్లకు ఇచ్చారు. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆ అమ్మాయికి గర్భంలోనే చక్కెర వ్యాధి కనిపించింది. నొప్పులు మొదలయ్యాక తెనాలిలోని ఒక ఆసుపత్రిలో చేర్చారు. బిడ్డ మగవాడు, బరువు 4 కిలోల 200 గ్రాములు. తల బయటికి వచ్చిన తరువాత భుజం లోపల చిక్కుకుపోయింది. చెవిలో అజాన్ చెప్పడానికి నన్ను పిలిచారు. నేను కుడి చెవి దగ్గర గొంతెత్తగానే బిడ్డ ఉలిక్కిపడ్డాడు. అలా ఉలిక్కిపడినప్పుడు పసిబిడ్డలు రెండు చేతులూ బార్లా చాచి మళ్లీ దగ్గరికి తెచ్చుకుంటారు. వీడి ఎడమ చెయ్యి అలాగే చాచుకున్నది. కుడి చెయ్యి పక్కనే పడి ఉన్నది. మోచెయ్యి చాపుకొని, భుజం లోపలికి తిరిగి, అరచెయ్యి వెనక్కి చూస్తూ, మణికట్టు కిందికి వంగి ఉన్నది. వేళ్లలో మాత్రం పట్టు ఉన్నది. నా చూపుడువేలు పెడితే గట్టిగా పట్టుకున్నాడు.

పిల్లల డాక్టరు గారికి ఆ పట్టే ముఖ్యమైన ఆనవాలుగా తోచింది. ముందుగా ఎక్స్‌రే తీయించి కాలర్ బోన్ గాని, దండచేతి ఎముక గాని విరగలేదని నిర్ధారించుకున్నారు. ఎముక విరిగినా, కీలులో చీము పట్టినా బిడ్డ నొప్పితో చెయ్యి కదపడు. చూసేవాళ్లకు అది కూడా చెయ్యి పడిపోయినట్లే కనిపిస్తుంది. చీము సంగతి అయితే మొదట చెయ్యి బాగానే ఆడించిన బిడ్డ కొన్ని రోజుల తరువాత మానేస్తాడు, తాకితే ఏడుస్తాడు, జ్వరం కూడా రావచ్చు. అప్పుడు ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు. మా వాడికి అవేవీ లేవు. "ఇది నరాల దెబ్బ. ఎర్బ్స్ పాల్సీ అంటారు" అన్నారు ఆమె.

మెడలోని వెన్నుపాము నుంచి ఐదు నరాల వేళ్లు బయలుదేరి, భుజం దగ్గర ఒకదానితో ఒకటి కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి చేతిలోకి దిగుతాయి. ఈ అల్లికనే బ్రేకియల్ ప్లెక్సస్ అంటారు. కాలువల ఊళ్లలో పుట్టిన మనకు దీన్ని అర్థం చేసుకోవడం తేలిక. పెద్ద కాలువకు ఐదు తూములు ఉన్నాయనుకోండి. పై రెండు తూముల నీరు భుజం ఎత్తడానికీ, మోచెయ్యి మడవడానికీ పారుతుంది. మధ్య తూము మోచెయ్యి చాపడానికీ, మణికట్టు పైకెత్తడానికీ తోడ్పడుతుంది. కింది రెండూ వేళ్లకు నీరిస్తాయి. కాన్పులో తల ఒక పక్కకు, భుజం మరో పక్కకు దూరమైతే ముందుగా సాగేవి పై రెండు వేళ్లు. అందుకే ఈ దెబ్బ తిన్న బిడ్డల్లో ఎక్కువమందికి భుజం, మోచెయ్యి పడిపోయి వేళ్లు బాగుంటాయి. మధ్య వేరు కూడా దెబ్బ తింటే మణికట్టు కూడా వాలిపోతుంది. మా వాడిది ఈ రెండో రకం. ఐదు వేళ్లూ దెబ్బతింటే చెయ్యి మొత్తం గుడ్డపీలికలా వేలాడుతుంది, వేళ్లు కూడా కదలవు. దానితో పాటు అదే వైపు కనురెప్ప కొంచెం వాలి, కనుపాప చిన్నదిగా కనిపిస్తే దెబ్బ చాలా లోతుగా, వెన్నుపాముకు ఆనుకొని తగిలిందని అర్థం. రెప్ప వాలిందా లేదా అని డాక్టరు గారు మొదటి రోజే చూశారు. ఊపిరిని నడిపే నరం కూడా పై వేళ్ల నుంచే పుడుతుంది కనుక బిడ్డ ఆయాసపడుతున్నాడా, పొట్ట ఒక వైపే ఎగురుతున్నదా అని కూడా గమనించారు.

ఏ నరం దెబ్బతిన్నదో తెలిస్తే చాలదు, ఎంతగా దెబ్బతిన్నదో తెలియాలి. కాలువ గట్టు ఊరికే నెర్రెలిచ్చిందనుకోండి, కొన్ని వారాలలో దానంతట అదే సర్దుకుంటుంది. నరం సాగి లోపలి పోగులు కొన్ని తెగితే అవి తిరిగి మొలుస్తాయి, కాకపోతే నెలలు పడుతుంది. గట్టు మధ్యలో గండి పడితే, అంటే నరం తెగితే, పోగులు మొలిచినా దారి దొరక్క చిక్కుబడి ఒక గడ్డగా ముడిపడతాయి. ఆ గడ్డను న్యూరోమా అంటారు. ఇక చివరి రకంలో తూమే పెద్ద కాలువ నుంచి ఊడిపోతుంది. వేరు వెన్నుపాము నుంచే పెరికివేయబడుతుంది. అక్కడ కలిపి కుట్టడానికి ఏమీ మిగలదు. ఒకే బిడ్డలో ఒక వేరు సాగి, మరొకటి తెగి, ఇంకొకటి ఊడి ఉండవచ్చు. బయటి నుంచి చూస్తే అన్ని చేతులూ ఒకేలా వేలాడుతుంటాయి. అందుకే మొదటి రోజున ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇంట్లో వాదులాట అక్కడే మొదలైంది. అకీకా నాటికి బాపట్ల నుంచి అత్తింటివారు వచ్చారు. వారి వీధిలో ఒక ఆడపిల్లకు ఇలాగే అయిందనీ, పుత్తూరు కట్టు కట్టే మనిషి దగ్గరకు తీసుకెళ్తే నెల పదిహేను రోజుల్లో చెయ్యి లేచిందనీ బిడ్డ దాదీ చెప్పారు. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఆ పాపను నేనూ తరువాత చూశాను. రెండు చేతులతో బంతి విసురుతున్నది. కాని ఆ పాప నరం సాగి సర్దుకున్న రకం. కట్టు కట్టినా, కట్టకపోయినా ఆ గడువుకు చెయ్యి లేచేదే. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు కట్టేది. ఇక్కడ ఎముక విరగలేదు. నరానికి కట్టు ఏమీ చేయదు, పైగా నెలల తరబడి చెయ్యిని బిగించి ఉంచితే భుజం కీలు బిగుసుకుపోతుంది. తావీజు కట్టాలన్న మాట కూడా వచ్చింది. దుఆ చేయండి, నేనూ చేస్తాను, కాని మందు వాడకుండా ఉండమని మన ధర్మం ఎక్కడా చెప్పలేదు అని అక్కడితో ఆ మాట ముగించాను.

నాటు వైద్యం చేసేవారు పేదవాళ్లే అనుకోకూడదు. 1859 జనవరి 27న బెర్లిన్ రాజభవనంలో ఒక బిడ్డ ఎదురుకాళ్లతో పుట్టాడు. ఎడమ చెయ్యి పడిపోయింది. ఆ బిడ్డే తరువాత జర్మనీ చక్రవర్తి అయిన రెండవ విల్‌హెల్మ్. ఐరోపాలోని గొప్ప వైద్యులు అందుబాటులో ఉండి కూడా, అప్పుడే చంపిన కుందేలు కళేబరంలో ఆ పసివాడి చెయ్యి పెట్టించేవారు, దాని వేడి చేతికి ఎక్కుతుందని. బాగున్న చెయ్యిని ఒంటికి కట్టేసి పడిపోయిన చేతితోనే పనులు చేయించాలని చూశారు, విద్యుత్తు పెట్టారు. అతని ఎడమ చెయ్యి కుడిదానికన్నా దాదాపు 15 సెంటీమీటర్లు పొట్టిగా మిగిలిపోయింది. ఛాయాచిత్రాలలో ఆ చెయ్యి కత్తిపిడి మీద ఆనించి గాని, చేతితొడుగులు పట్టుకొని గాని కనిపిస్తుంది. ఎర్బ్ అనే జర్మన్ వైద్యుడు ఈ జబ్బులో ఏ నరాలు దెబ్బతింటాయో వివరంగా రాసింది 1874లో, అప్పటికి ఆ రాకుమారుడికి పదిహేనేళ్లు.

బాపట్లవారు చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మూడు నెలలు డాక్టరు చెప్పినట్లు చేస్తాం, ఆ తరువాత మా ఇష్టం అన్నారు. నిజానికి ఆ మూడు నెలలే కీలకమని వారికీ, మాకూ అప్పుడు తెలియదు.

మొదటి పది రోజులు చెయ్యికి విశ్రాంతి ఇవ్వమన్నారు. ఆ తరువాత ఫిజియోథెరపిస్టు కసరత్తు నేర్పారు. మా చెల్లెలు ఇంట్లో కనీసం రోజుకు నాలుగైదు మార్లు, గుడ్డలు మార్చినప్పుడల్లా చేసేది. అన్నిటిలో ముఖ్యమైనది ఒకటి ఉన్నది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, దండచెయ్యిని ఒంటికి ఆనించి, మోచెయ్యిని సగం మడిచి, ముంజేతిని తలుపు తెరిచినట్లు మెల్లగా బయటి వైపుకు తిప్పాలి. అక్కడ కొన్ని క్షణాలు నిలిపి మళ్లీ తేవాలి. భుజాన్ని లోపలికి తిప్పే కండరాలకు నరం బాగానే ఉంటుంది, బయటికి తిప్పేవాటికి ఉండదు. వారాలు గడిచేకొద్దీ బలమున్నవి లాగేస్తుంటాయి, భుజపు గుండు వెనక్కి జరగడం మొదలవుతుంది. నిన్నటిదాకా సులువుగా బయటికి తిరిగిన ముంజెయ్యి నేడు తిరగకపోతే అది కీలు జారుతున్న గుర్తు. వెంటనే చెప్పండి, అల్ట్రాసౌండ్ చేయించాలి అని ఫిజియోథెరపిస్టు పదేపదే చెప్పారు.

రేపల్లెలో బిడ్డకు నీళ్లు పోసే ముసలామెను కూడా మా చెల్లెలు కూర్చోబెట్టి వివరించింది. మన ఇళ్లలో నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టుకొని, కుడిచెయ్యీ ఎడమకాలూ, ఎడమచెయ్యీ కుడికాలూ కలిపి లాగడం ఆచారం. చంకల కింద చేతులు పెట్టి లేపి ఆడించడం కూడా ఉన్నది. ఈ బిడ్డకు ఆ రెండూ మానిపించారు. చొక్కా తొడిగేటప్పుడు దెబ్బతిన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ఇది చిన్న సంగతే. కాని రోజుకు ఎన్నిసార్లు చొక్కా మారుస్తామో లెక్కపెడితే చిన్నది కాదని తెలుస్తుంది.

కసరత్తు నరాన్ని మొలిపించదని గుర్తుంచుకోవాలి. అది కీలును కాపాడుతుంది. నరం ఎలా ఉన్నదో తెలియాలంటే చూడవలసిన చోటు వేరు. అది మోచెయ్యి.

దాన్ని చూడడంలో చాలామంది మోసపోతారని డాక్టరు గారు చెప్పారు. బిడ్డ వెల్లకిలా పడుకొని ఉన్నప్పుడు భుజం కొంచెం కదిలితే చాలు, ముంజెయ్యి దాని బరువుకు అదే ఛాతీ మీద పడుతుంది. తల్లి సంతోషపడి "మడిచాడు!" అంటుంది. పక్కకు తిరిగి పడుకున్నప్పుడు కూడా చాపమీద జారుతూ మడుస్తాడు. అవి లెక్కలోకి రావు. బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టి, మెడకు, వీపుకు ఆసరా ఇచ్చి, బాగున్న చెయ్యిని మృదువుగా పట్టుకొని, పెదవికి ఏదైనా తగిలించాలి, లేదా ఎదురుగా గిలక ఆడించాలి. పడిపోయిన చెయ్యి తన బరువును తానే మోసుకుంటూ నోటి వైపు లేవాలి. దండచేతిలోని బైసెప్స్ కండరం పనిచేస్తేనే అది జరుగుతుంది. రెండు నెలలలోపే అలా లేస్తే పూర్తిగా గాని, దాదాపు పూర్తిగా గాని బాగవుతుందని ఆశించవచ్చు. మూడు నెలలు నిండినా లేవకపోతే నరాల శస్త్రచికిత్స చేసేవారికి చూపించాలి. చూపించడమంటే కోయించడం అని కాదు. నిర్ణయం తీసుకోగలిగినవారి ముందు బిడ్డను పెట్టడం మాత్రమే.

మేము గుర్తుంచుకోవడానికి ఒక తేలిక మార్గం దొరికింది. మన టీకా కార్డులో ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు టీకాలు ఉంటాయి. టీకాకు వెళ్లిన రోజే మోచెయ్యిని కూడా పరీక్షించి, ఫోనులో వీడియో తీసి, తేదీ రాసి ఉంచేవాళ్లం. పుట్టిన తొలి ఆరు వారాలలో ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త కూడా ఆ కాగితం చూసేది. ఆరు వారాలకు మణికట్టు కొంచెం పైకి లేచింది. ఇంట్లో అందరూ ఆనందించారు. పది వారాలకు మణికట్టు నిటారుగా నిలబడింది, భుజం పక్కకు నాలుగు వేళ్ల మందం కదిలింది, మోచెయ్యిలో ఏమీ లేదు. పద్నాలుగో వారం టీకా రోజున గిలక ఆడించాం. బిడ్డ నవ్వాడు, ఎడమ చెయ్యి చాచబోయాడు, కుడి దండచేతిలో చర్మం కింద ఏదో వణికినట్లు అనిపించింది. చెయ్యి లేవలేదు.

మణికట్టు వచ్చింది కదా, కొంచెం ఆగితే మోచెయ్యి రాదా అని బిడ్డ అబ్బా అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మధ్య వేరు సాగి సర్దుకున్నది, పై రెండు వేళ్ల సంగతి వేరు అన్నారు డాక్టరు గారు. పద్నాలుగు వారాలైనా బైసెప్స్‌లో బలం రాలేదంటే అక్కడ గండి పడి ముడి కట్టి ఉండవచ్చు. వెంటనే రాసి ఇచ్చి పంపారు. ఈ శస్త్రచికిత్స అన్ని చోట్లా జరిగేది కాదు. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి దీనికి పేరున్నది. మేము దగ్గరని హైదరాబాదు ఎంచుకున్నాం. తెనాలిలో రాత్రి రైలెక్కి వెళ్లాం. నేను కూడా వెంట వెళ్లాను.

అక్కడి సర్జను గారు నాకు ఎదురుగా కాగితం మీద ఒక లెక్క వేసి చూపించారు. ఆ లెక్కను నేను ఎప్పటికీ మరచిపోను. "మౌలానా గారూ, తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. మెడ నుంచి ఈ పసివాడి బైసెప్స్ దాకా పది సెంటీమీటర్లు అనుకోండి. అంటే వంద మిల్లీమీటర్లు, వంద రోజులు. కుట్టు దాటడానికి ఇంకొన్ని వారాలు కలపండి. చేరిన నరం కండరాన్ని మేల్కొల్పి బలం ఇవ్వడానికి మరికొన్ని నెలలు. ఇవాళ చేస్తే బిడ్డకు ఏడాది వచ్చేసరికి మోచెయ్యి కదులుతుంది. ఇటు వైపు చూడండి. నరం అందని కండరం ఊరికే కూర్చోదు, నెలనెలా చచ్చుబడుతుంది. ఏడాదిన్నర దాటాక నరం చేరినా తీసుకోవడానికి కండరం మిగలదు. మీరు ఏడాది ఆగి వస్తే నరం దారిలో ఉండగానే కండరం పోతుంది."

సర్జన్లందరూ ఒకే మాట మీద లేరని కూడా ఆయన దాచలేదు. కొందరు మూడు నెలలకే శస్త్రచికిత్స చేస్తారు. మరికొందరు పై నరాల దెబ్బ మాత్రమే ఉన్న బిడ్డను ఆరు నెలల దాకా, కొన్ని చోట్ల తొమ్మిది నెలల దాకా మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ ఆగుతారు. తొమ్మిది నెలల బిడ్డకు బిస్కెట్టు చేతికిచ్చి, దండచెయ్యిని ఒంటికి ఆనించి పట్టుకొని, మెడ పెద్దగా వంచకుండా నోటికి చేర్చుకోగలడా అని చూసే పరీక్ష కూడా ఉన్నది. చెయ్యి మొత్తం పడిపోయి, కనురెప్ప వాలిన బిడ్డ విషయంలో మాత్రం తర్జనభర్జన లేదు. అక్కడ వేళ్లకు ప్రాణం పోయడమే మొదటి పని, మూడు నెలల వయసుకే చేయాలి. మా వాడిని ఆయన మరో నెల ఆగి మళ్లీ పరీక్షించారు. వణుకు వణుకుగానే ఉన్నది. మెడకు ఎం.ఆర్.ఐ. తీయించారు, వేళ్లు ఊడిపోయిన జాడ కనిపించలేదు. ఊపిరి నడిపే కండరాన్ని కూడా పరీక్షించారు. అయిదో నెల చివర శస్త్రచికిత్సకు రోజు నిర్ణయించారు.

ఉదయం లోపలికి తీసుకెళ్లిన బిడ్డను అసర్ వేళ దాటాక బయటికి తెచ్చారు. మెడ పక్కన కోసి చూస్తే పై రెండు వేళ్లు కలిసే చోట చింతగింజంత గట్టి ముడి ఉన్నదట. దాన్ని కోసివేస్తే రెండు వైపులా మధ్య ఖాళీ మిగిలింది. నరాన్ని లాగి కలిపి కుడితే తెగిపోతుంది. అందుకని రెండు కాళ్ల పిక్కల వెనక స్పర్శ మాత్రమే మోసే ఒక సన్నని నరాన్ని తీసి, ముక్కలు చేసి, పక్కపక్కన వంతెనలా అతికించారు. ఆ నరం పోయినందుకు పాదం బయటి అంచున కొంత మేర మొద్దుబారుతుంది, అంతే. భుజం కోసం ఇంకొక పని చేశారు. మెడ నుంచి వీపు కండరానికి వెళ్లే ఒక నరం కొనను తీసి, భుజాన్ని బయటికి తిప్పే కండరాల నరానికి నేరుగా కలిపారు. తూము ఊడినప్పుడు పక్క కాలువ నుంచి బోదె తవ్వి నీరు తెచ్చుకోవడం వంటిదే ఇది. వేరు ఊడిపోయిన బిడ్డలకు ఇదే ఆధారం. మా వాడికి తూము ఊడలేదు, అయినా భుజానికి ఈ దారి దగ్గరదని అలా చేశారు.

మూడు వారాలు తల, చెయ్యి కదలకుండా కట్టు ఉంచారు. తరువాత మళ్లీ కసరత్తు. ఇక్కడి నుంచి మా ఇంట్లో అసలైన పరీక్ష మొదలైంది. శస్త్రచికిత్స అయ్యాక చెయ్యి ఇంతకు ముందున్న కదలిక కూడా కొంత తగ్గింది, ముడిలోంచి అరకొరగా పోతున్న పోగులు కూడా తెగాయి కనుక. సర్జను గారు ఇది ముందే చెప్పారు. అయినా ఒక నెల, రెండు నెలలు, నాలుగు నెలలు ఏమీ లేకుండా గడిస్తే బాపట్ల నుంచి వచ్చే ఫోనులో మాట బరువెక్కింది. కాగితం మీద వేసిన లెక్క నా దగ్గరే ఉండడంతో ప్రతిసారీ అదే చదివి వినిపించేవాణ్ణి. వంద రోజులు ఇంకా దాటలేదు, దాటింది, ఇప్పుడు కుట్టు వారాలు, ఇప్పుడు కండరం మేల్కొనే నెలలు అని. బిడ్డకు పదకొండు నెలలు నిండాక ఒక సాయంత్రం నా చెల్లెలు వీడియో పంపింది. పాకుతూ వచ్చి గోడకు ఆనుకొని కూర్చున్న వాడు కుడి మోచెయ్యిని రెండు మూడు అంగుళాలు లేపి దించాడు. పద్నాలుగో నెలలో అదే చేతితో ఖర్జూరం ముక్క నోటికి పెట్టుకున్నాడు.

ఇప్పుడు వాడికి నాలుగేళ్లు. కుడి చెయ్యి ఎడమదానికన్నా సన్నం, వేలెడు పొట్టి. నోటికి చెయ్యి తీసుకెళ్లినప్పుడు మోచెయ్యి బూర ఊదేవాడిలా పక్కకు లేస్తుంది. భుజం బయటికి తిరగలేక మోచెయ్యిని ఎత్తి సరిపెట్టుకోవడం అది. ఈ పిల్లల్లో చాలామందికి ఇలాగే ఉంటుందట. నా మదరసాలో కూడా ఒక కుర్రవాడు ఇలాగే తినేవాడు. తక్‌బీర్‌కు చేతులెత్తినప్పుడు ఒక చెయ్యి చెవి దగ్గరికి రాక భుజం దగ్గరే ఆగేది. నిర్లక్ష్యమని తోటి ఉస్తాదు కోప్పడబోతే వారించి తల్లిని పిలిపించి అడిగాను, కాన్పులో దెబ్బేనని చెప్పింది. వాడికి పదేళ్లు. నరానికి సంబంధించి చేయగలిగిన కాలం ఎప్పుడో దాటిపోయింది. ఇంకా భుజం కండరం మార్చే శస్త్రచికిత్స ఒకటి ఉన్నదని చెప్పి పంపాను.

మా వాడి దాదీకి ఒక బాధ మిగిలి ఉండేది, మనవడు అన్నం ఎడమ చేత్తో తింటున్నాడని. అక్కడ మాత్రం నా విద్య పనికివచ్చింది. చేతకాని వానికి షరీఅత్ మినహాయింపు ఇచ్చింది, ఎడమ చేత్తో తినడం వాడికి దోషం కాదు, దాని కోసం వాణ్ణి కసరకండి అని చెప్పాను. కుడి చేత్తో గ్లాసు పట్టుకోమనడం కసరత్తు కోసమైతే మంచిదే, శిక్షగా అయితే కాదు. ఇప్పుడు భుజం బయటికి తిప్పడానికి వీపు నుంచి ఒక కండరాన్ని మళ్లించే శస్త్రచికిత్స గురించి మాట్లాడుతున్నారు. భుజం కీలు గుండ్రంగానే ఉన్నదా అని ఎం.ఆర్.ఐ. చూసి నిర్ణయిస్తారు. మేము చేయించాలనే అనుకుంటున్నాం, వాడి అమ్మీకి మాత్రం ఇంకా మనసొప్పడం లేదు.

కాన్పు చేసినవారి మీద కేసు వేయమని కొందరు సలహా ఇచ్చారు. ఆ గదిలో ఏం జరిగిందో నేను చూడలేదు. కాని తల బయట, భుజం లోపల ఉన్నప్పుడు బిడ్డకు ఊపిరి అందే వ్యవధి కొద్ది నిమిషాలే. ఆ నిమిషాల్లో తల్లి మోకాళ్లను పొట్ట వైపుకు మడిచి, పొత్తికడుపు కింద అదిమి భుజాన్ని వదిలించాలి. పొట్ట పైభాగాన్ని నొక్కితే భుజం ఇంకా బిగుస్తుంది. అన్నీ సరిగా చేసినా కొందరికి నరం దెబ్బ తగులుతుంది. బరువైన బిడ్డ, తల్లికి చక్కెర, ఇంతకు ముందు ఇలాంటి కాన్పు, ఇవి మూడూ ముందే తెలిసే సంగతులు.

నా మేనకోడలు ఇప్పుడు మళ్లీ గర్భవతి. ఈసారి మొదటి చెకప్‌లోనే పాత కాన్పు కాగితాలు పెట్టించాను. ఆరంభంలోనే చక్కెర పరీక్ష చేశారు, ఆరో నెలలో మళ్లీ చేస్తారు. నెలలు నిండేటప్పుడు స్కానులో బిడ్డ బరువు చూసి, కాన్పు ఎలా జరపాలో తల్లితో కూర్చొని మాట్లాడతామని డాక్టరమ్మ చెప్పారు. బాపట్ల దాదీ ప్రతి చెకప్‌కూ ఆమె వెంట వస్తున్నారు.